రూతమ్మ వదిలేసిన పన్నెండో వరుస

రూతమ్మ వ్యాసానికి నేను మొదటిసారి నూటికి ఇరవై ఎనిమిది మార్కులు వేశాను. పాసవడానికి నలభై కావాలి. కాగితం చేతికిస్తే కళ్లజోడు తీసి పమిటచెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"కూడికలో ఎక్కడో తప్పినట్టుందండీ మాష్టారూ" అంది.

నలభైనాలుగేళ్ల మనిషి. ఏలూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లు ఆయాగా చేసింది. రాత్రీ పగలూ రోగుల మంచాల మధ్య తిరిగి, పనిచేస్తూనే ఓపెన్ స్కూల్లో ఇంటరు కట్టి, ఆ తరువాత మా థియాలజీ కాలేజీలో చేరింది. మా కాలేజీ తాడేపల్లిగూడెం దాటాక ఉంది. రోజూ పొద్దున్నే ఏలూరులో పాసింజరు ఎక్కి, కాలేజీ చేరేసరికి రైల్లో ఇద్దరి కష్టాలు విని, ఒకరికి సలహా కూడా చెప్పేసి వచ్చేది. తనకి రానిది ఏదైనా ఉంటుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. ఆ ధీమా చూస్తే నాకు కొంచెం చిరాకూ, కొంచెం అసూయా. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకే అంత ధీమా లేదు.

నా పేరు జోసెఫ్. ఆ కాలేజీలో ప్రాక్టికల్ పనికి ట్యూటర్ని. చివరి ఏడాది విద్యార్థులు ఆరు వారాలు ఆసుపత్రిలో చాప్లిన్ దగ్గర పనిచెయ్యాలి. చాప్లిన్ అంటే రోగుల మంచం పక్కన కూర్చుని వాళ్ల మాట వినే మనిషి, అడిగితే ప్రార్థన చేసే మనిషి. ఆరు వారాలూ అయ్యాక రెండువేల అయిదువందల మాటల్లో ఒక వ్యాసం రాసివ్వాలి. ఏం జరిగిందో రాస్తే చాలదు. జరిగినదాంట్లో నేనేం చేశాను, ఎందుకు చేశాను, అది ఎదుటి మనిషికి ఏమైంది, ఈసారి ఏం మార్చుకుంటాను అని తనని తాను ప్రశ్నించుకుంటూ రాయాలి. పుస్తకాల మాట తెస్తే ఏ పుస్తకం, ఏ పేజీ అని కింద చూపించాలి. చివర్లో ఒక సంభాషణని, గుర్తున్నంతవరకూ మాటకి మాట, వరుసలకి నంబర్లు వేసి జతచెయ్యాలి. దాన్ని మేం వెర్బాటిం అంటాం. మంచం దగ్గర కూర్చుని రాసుకోకూడదు. బయటికొచ్చాక, మరిచిపోకముందే రాసుకోవాలి.

రూతమ్మ మొదటి వ్యాసంలో ఇవేవీ లేవు. ఆవిడ రాసింది సాక్ష్యం. ఆదివారం గుళ్లో నిలబడి, దేవుడు నాకీ మేలు చేశాడని చెప్పే సాక్ష్యం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. "నేను అతని తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించగా అతని ముఖము వెలిగిపోయెను." ఆఖరి పేరా చదివితే చప్పట్లు కొట్టాలనిపించింది. అదికాక రోగి పేరు, తండ్రి పేరు, ఊరు, మంచం నంబరు, జబ్బు, ఏ పాదం ఎంతవరకూ తీసేశారో అన్నీ రాసేసింది. ఇక అది చదివినవాడు ఆయన ఇల్లు ఎవరినీ అడక్కుండా వెతుక్కోవచ్చు.

ఆ పేరు నేను ఇక్కడ రాయను. పెద్దింటయ్య అనుకుందాం. కొల్లేటికోట అనుకుందాం. ఆయన పేరూ, ఇంటివాళ్ల పేర్లూ, ఊరూ, పనీ, జబ్బూ కొంచెం కొంచెం మార్చాను. ఇలా మార్చడమే ఈ కథలో అసలు సంగతి గనక ముందే చెప్పేస్తున్నాను.

"రోగి పేరు ఎవర్నడిగి రాశారు రూతమ్మగారూ?" అన్నాను.

"అడగడమేంటండీ? మంచోడండీ ఆయన. ఆయన గురించి చెడ్డగా ఒక్క మాటైనా రాశానా?"

"చెడ్డ, మంచి కాదు. అది ఆయన సంగతి. మీది కాదు."

ఆవిడకి నిజంగా అర్థం కాలేదు. కాకపోవడానికి కారణం ఉంది. మా గుళ్లల్లో ప్రార్థన అంశాలు చెప్పడమంటే పేరుతో, ఊరుతో, జబ్బుతో చెప్పడమే. "పలానా వీధి సుందరమ్మగారికి గర్భసంచి ఆపరేషను" అని మైకులో చెబితే ఎవరూ తప్పనుకోరు. పేరు చెప్పకపోతే ఆ ప్రార్థన ఎక్కడికి చేరుతుందని అడుగుతారు. అడ్రసు లేని ఉత్తరం కింద లెక్క. రూతమ్మ ఆ గుళ్లోనే పుట్టి పెరిగింది.

కాలేజీ నిబంధన ప్రకారం మరొక్క అవకాశం ఉంది. ఇరవై ఒక్క రోజుల్లో తిరిగి రాసివ్వాలి. ఎంత బాగా రాసినా రెండోసారి యాభైకి మించి వెయ్యకూడదు. అప్పటికీ నలభై రాకపోతే ప్రాక్టికల్ మళ్లీ ఏడాది. ఆవిడకి ఏడాది లేదు. తను ఆయాగా చేసిన ఆసుపత్రిలోనే ప్రాక్టికల్ చేసింది, అక్కడి చాప్లిన్ బాలస్వామిగారు మార్చిలో రిటైరవుతున్నారు. పాసైతే ఆ కుర్చీ రూతమ్మదేనని ఆసుపత్రివాళ్లు మాటిచ్చారు. పద్దెనిమిదేళ్లు బెడ్‌పాన్లు మోసిన వార్డుల్లోనే కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆవిడ కల. ఆవిడ దాన్ని కల అనేది కాదు. "నా సీటు" అనేది.

పదో రోజున రెండో చిత్తుప్రతి తెచ్చింది. మొదటి పేజీ చదివేసరికి నాకు దాహమేసింది. "మానవ అస్తిత్వపు వేదనాత్మక పరిమితుల పరిధిలో" అని మొదలైంది. పేజీకి ఆరు ఫుట్‌నోట్లు. ఎక్కడా "నేను" లేదు. పెద్దింటయ్య కాస్తా "రోగగ్రస్త వ్యక్తి" అయిపోయాడు.

"ఇది రాసినవాడు ఆసుపత్రి మెట్లెక్కలేదు" అన్నాను.

"మా పాస్టరు నెల్సన్‌గారు కాస్త దిద్దారండీ" అంది తలొంచుకోకుండానే. "అకడమిక్‌గా ఉండాలంటే 'నేను' అనకూడదన్నారు."

"ఈ వ్యాసంలో 'నేను' అనొచ్చు. అనాలి కూడా. కాకపోతే 'నేను' అన్నాక ఆ నేనుని నిలదియ్యాలి. ఈ ఫుట్‌నోట్లలో మీరు చదివినవెన్ని?"

"రెండు."

"ఆ రెండే ఉంచండి. ఇంకో ఆరు మా లైబ్రరీలో ఉన్నాయి, చదివి పెట్టండి. ఇంకొకరి చేత రాయించిందిస్తే సున్నా వేస్తాను. అది మటుకు నిబంధన కాదు, నా కోపం."

నిబంధన కూడా. కానీ ఆ క్షణాన నాకు కోపమే ఎక్కువ. ఇంత పనిమంతురాలు ఎవరి మాటలో అద్దెకి తెచ్చుకుని ఫెయిలైపోతుందేమోనని బాధేసింది.

ఆవిడ తన వెర్బాటిం మటుకు దిద్దించుకోలేదు. అది తన చేతిరాతలోనే ఉంది, మూడోసారి వార్డుకి వెళ్లినప్పటిది. తన మాటలకి "రూ" అని, రోగి మాటలకి "ప" అని గుర్తు. అది నా టేబులు మీద పెట్టుకుని చదివాను. ఆవిడ ఎదురుగా కూర్చుంది.

రూ-9: ఇవాళ నొప్పి ఎలా ఉందండీ?
ప-9: ఉంది. (ముంజేతికి కట్టుకున్న అమ్మవారి తాడు తిప్పుకుంటున్నారు.)
రూ-10: డాక్టరుగారు వచ్చారా?
ప-10: వచ్చారు. రేపే తీసేస్తారంట.
రూ-11: ప్రార్థన చేసుకుందామండీ. (చేశాను.)
ప-11: ఆమేన్.

అంతే. అక్కడితో అయిపోయింది.

"అమ్మవారి తాడు కట్టుకున్న మనిషి ఆమేన్ అన్నాడా?" అని అడిగాను.

రూతమ్మ చెయ్యి చాపి ఆ కాగితం తన వైపు తిప్పుకుంది. 

"పన్నెండో వరుస ఏది రూతమ్మగారూ? ఆ తరువాత ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదండీ. గోడవైపు తిరిగిపోయారు."

"ఆమేన్?"

"అది నేనే అనుకున్నానండీ. ఆయనన్లేదు."

తరువాత మెల్లగా చెప్పుకొచ్చింది. పెద్దింటయ్యకి షుగరు. కొల్లేటి చెరువుల్లో చేపలు పట్టే గుంపులో పని. పాదానికి పుండు పడి, సగం పాదం తీసెయ్యాలన్నారు. ఆయన దగ్గర కొడుకు నాగరాజు ఉన్నాడు. భార్య నూకాలమ్మ ఇంటి దగ్గర ఉండిపోయింది, కూతురు జ్యోతి ఆ వారమే పురుడు పోసుకుంది. రెండోసారి వెళ్లినప్పుడు ఆయన రూతమ్మతో ఒకే ఒక మాట చెప్పాడు. "పాదం సంగతి ఇంకా ఇంట్లో తెలీదండి. రేపు ఫోన్ చేసి నా నోటితో నేనే చెబుతాను. ఆవిడ బెంబేలు పడే మనిషి."

రూతమ్మ ఆ మాట విని కరిగిపోయింది. కరిగిపోయి, ఆ సాయంత్రమే గుడి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశం పెట్టింది. పేరు, ఊరు, పాదం. గ్రూపులో నూటనలభై మంది. అందులో ఒకరికి పెద్దింటయ్య వాళ్ల ఊరి దగ్గర, కైకలూరులో, చేపల మేత దుకాణం. మర్నాడు పొద్దున నూకాలమ్మ అటుగా వెళ్తే దుకాణం మెట్ల మీదే, "మీ ఆయన కాలు తీసేస్తారటగా" అని జాలిపడ్డారు. ఆవిడ అక్కడే కూలబడిపోయింది.

ఆ తరువాతే రూతమ్మ మూడోసారి వెళ్లడం, ప్రార్థన చెయ్యడం, ఆయన గోడవైపు తిరిగిపోవడం.

"ఆయనకి కోపమొచ్చిందండీ. దుకాణం దగ్గర జరిగింది, బయటికొచ్చాక నాగరాజు చెబితే నాకప్పుడు తెలిసింది. ఆ రాత్రే గ్రూపులోంచి తీసేశాను. కానీ తీసేస్తే ఏం లాభమండీ." అలా అని కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. "ఇది రాస్తే నన్ను పాస్ చెయ్యరు. బాలస్వామిగారి దాకా వెళితే నా సీటు పోద్ది. అందుకే రాయలేదు. మంచి పని చెయ్యబోయి అలా అయిపోయింది గానీ, నేను చెడ్డదాన్ని కాదండీ."

"మీరు చెడ్డవారని ఎవరన్నారు?" అన్నాను. "కానీ మీ వ్యాసం ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలిసింది. ఆ పన్నెండో వరుసలో ఉంది."

చెప్పడం నాకు తేలికే. పోయేది ఆవిడ సీటు.

అయినా రెండు పనులు తప్పవని చెప్పాను. ఒకటి, జరిగింది ముందు బాలస్వామిగారికి తానే వెళ్లి చెప్పాలి, ఎందుకంటే రోగి రహస్యం బయటపడితే ఆసుపత్రికి తెలియాలి. రెండు, వ్యాసం ఎవరు చదివినా ఈ మనిషి ఎవరో పోల్చుకోకుండా రాయాలి. ఇంటిపేరు కొట్టేసి చేపలవాడని వదిలేస్తే చాలదు. కొల్లేరు చుట్టూ ఆ నెలలో పాదం తీయించుకున్న చేపలవాళ్లు ఎంతమంది ఉంటారు? చూసినవాడు ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు.

ఆవిడ మర్నాడు పొద్దున్నే బాలస్వామిగారి దగ్గరికి వెళ్లింది. ఆయన నాతో తరువాత ఫోన్లో చెప్పారు. "కూర్చోమంటే కూర్చోలేదయ్యా. నిలబడే చెప్పింది, వార్డులో డ్యూటీ అప్పజెప్పినట్టు చెప్పింది. ఒక్క సాకూ చెప్పలేదు." ఆసుపత్రివాళ్లు విచారించి, హెచ్చరిక కాగితం రాసి ఫైల్లో పెట్టారు. సీటు ఉందో పోయిందో చెప్పలేదు. వ్యాసం పాసైతే అప్పుడు చూద్దామన్నారు. పెద్దింటయ్య ఆ వారం కట్టు మార్పించుకోవడానికి వస్తాడని, ఆయన ఒప్పుకుంటే రూతమ్మ తన ఎదుటే క్షమాపణ చెప్పుకోవచ్చని బాలస్వామిగారు ఏర్పాటు చేశారు.

ఆయన ఒప్పుకున్నాడు. కట్లు కట్టే గది బయట బల్ల మీద, ఊతకర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడట. పక్కన నూకాలమ్మ. రూతమ్మ ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఏం చేసిందో దాచకుండా చెప్పింది. వ్యాసం రాస్తున్నానని, పేరూ ఊరూ మార్చేస్తానని, వద్దంటే ఆయన సంగతి అసలు రాయనని చెప్పింది.

నూకాలమ్మ ముఖం తిప్పుకుంది. "ఆ మాట మా ఆయన నోటమ్మట వినాల్సిందండి నేను" అంది. అంతకంటే ఏమీ అనలేదు. రూతమ్మ, "అవునండి" అంది. అంతకంటే ఆవిడా ఏమీ అనలేదు. పక్కనున్న బాలస్వామిగారికి ఆశ్చర్యమేసిందట. రూతమ్మ అప్పటిదాకా ఎవరి మాటకీ ఒక్క "అవునండి"తో ఆగింది లేదు.

కాసేపటికి రూతమ్మే పెద్దింటయ్యని అడిగింది. "ఆరోజు మీరు నామీద కోపంతో గోడవైపు తిరిగారని చిత్తులో రాశానండీ. అలా ఉంచమంటారా?"

పెద్దింటయ్య తాడు తిప్పుకున్నాడు. "కోపం కాదండి. ఏడుపొచ్చింది. ఆడమనిషి ముందు ఏడవలేక తిరిగాను. మీరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు గదా, మీకు తెలీలేదు."

రూతమ్మ ఈ మాట నాకు చెప్పినప్పుడు మా లైబ్రరీలో కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ముందు పుస్తకాలు తెరిచి ఉన్నాయి. "రెండుసార్లు తప్పు చేశానండీ మాష్టారూ" అంది. "ఒకటి, ఆయన మాట పదిమందికి చెప్పడం. రెండు, ఆయన మనసులో ఏముందో అడక్కుండా నేనే రాసెయ్యడం. ఆమేన్ నేనే అనుకున్నాను, కోపం కూడా నేనే అనుకున్నాను."

 చూసింది రాయడం వేరు, దానికి మనం చెప్పుకున్న అర్థం రాయడం వేరు అని నేను ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. ఎవరూ ఇంత బాగా తిరిగి చెప్పలేదు.

గడువు రోజు సాయంత్రం నాలుగింటికి మూడో ప్రతి తెచ్చి ఇచ్చింది. రెండువేల నాలుగువందల తొంభై మాటలు. రోగి పేరు "క గారు", చేపల పని తీసేసి ఆయన్ని మరో పని చేసే మనిషిని చేసేసింది. ఊరు లేదు, మంచం నంబరు లేదు, అవయవం కూడా మార్చింది. ఎందుకు మార్చిందో మొదటి పేజీ అడుగున రెండు వాక్యాల్లో చెప్పి, రోగి అనుమతి ఉందని రాసింది. వెర్బాటింలో ఆమేన్ లేదు. పన్నెండో వరుసలో, "క-12: (మాట లేదు. గోడవైపు తిరిగారు. కోపమనుకున్నాను. అడగలేదు.)" అని ఉంది.

మధ్యలో బైబిల్లోని విలాప కీర్తనల గురించి ఒక పేజీ. భక్తుడు దేవుడితో మొరపెట్టుకుంటుంటే మధ్యలో ఎవరూ అడ్డుపడి ధైర్యం చెప్పరనీ, తాను ఆ మొర వినకముందే దానికి ముగింపు చెప్పేశాననీ రాసింది. ఆ విషయం మీద ఇద్దరు పండితులు ఒకరితో ఒకరు విభేదిస్తే, ఆ తేడా చూపించి తను ఎటువైపో, ఎందుకో చెప్పింది. పేజీ నంబర్లు సరిచూశాను. అన్నీ ఉన్నాయి.

ఆఖరి భాగంలో ఇకముందు ఏం చేస్తానో రాసింది. అడక్కుండా ప్రార్థించను. అనుమతి లేకుండా ఎవరి పేరూ ఎక్కడా చెప్పను. అంతవరకూ బాగుంది. దాని కింద ఇలా ఉంది.

"కళాశాలవారు ఇచ్చిన లాగ్ బుక్కులో ప్రతి రోగికీ 'ప్రార్థన చేశారా? అవును, కాదు' అని ఒక గడి ఉంది. ఆరు వారాలూ నేను ఆ గడి చూసుకునే వార్డుకి వెళ్లాను. ఒక్కచోట కూడా 'కాదు' అని పెట్టలేకపోయాను. పదకొండో వరుసలో నేను ప్రార్థన మొదలుపెట్టింది క గారి కోసమా, ఆ గడి కోసమా అని ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్నాను. రెండూ అని నా జవాబు. తప్పు నాదే. అయినా ఆ గడి నాకు సాయం చెయ్యలేదు."

ఆ లాగ్ బుక్కు తయారుచేసింది నేను. పన్నెండేళ్ల క్రితం, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎంతో మురిసిపోతూ గీశాను ఆ గడి. నాకు ముందు కోపమొచ్చింది. తరువాత సిగ్గేసింది. ఎర్ర కలం పట్టుకుని ఆ పేరా మరో రెండుసార్లు చదివాను. చివరికి దాని పక్కన "నిజం" అని రాశాను.

రెండో పరీక్షకుడికి నా మార్కులు చెప్పకుండా పంపాను. ఆయన అరవైనాలుగు వేశాడు. నేను అరవైఆరు వేశాను. నిబంధన ప్రకారం ఇద్దరం కలిసి యాభై ఇచ్చాం. కాగితం చేతికిస్తే రూతమ్మ కళ్లజోడు తుడుచుకుని చూసింది.

"ఈసారి కూడిక సరిపోయిందండీ" అంది.

మార్చిలో బాలస్వామిగారు తన తాళాలు ఆవిడకి అప్పజెప్పారు. హెచ్చరిక కాగితం ఫైల్లోనే ఉంది. అది తీసెయ్యమని ఆవిడ అడగలేదు. ఆ జూన్ నుంచి మా కొత్త లాగ్ బుక్కులో ఆ గడి లేదు. దాని చోట "రోగి ఏం కోరారు?" అని ఒక ఖాళీ గీత ఉంది. విద్యార్థులు ఆ గీత చాలదంటున్నారు.

మొన్న ఒక ఆదివారం ఏలూరులో పనుండి వెళ్లి, రూతమ్మ వాళ్ల గుళ్లో కూర్చున్నాను. నెల్సన్ పాస్టరుగారు పుస్తకం, పెన్నూ పట్టుకుని ప్రార్థన అంశాలు అడుగుతున్నారు. ఒకావిడ మోకాళ్లన్నారు, ఒకాయన అల్లుడి గుండె అన్నారు, అందరి పేర్లూ ఊళ్లూ రాసుకుంటున్నారు. అప్పుడు రూతమ్మ లేచింది. గుడంతా తలతిప్పి చూసింది, ఆసుపత్రి కబురు వస్తుందని.

"ఒకాయన ఉన్నారండీ" అంది. "రేపు ఆయనకి పెద్ద రోజు. ప్రార్థించండి."

పాస్టరుగారు పెన్ను పట్టుకుని ఆగారు. "పేరు చెప్పండి రూతమ్మగారూ, రాసుకుంటాను."

"దేవుడికి తెలుసండీ" అని ఆవిడ కూర్చుంది.